శ్రీకూర్మం చిన్న వీడియోకి విష్ణు సహస్రనామం నుంచి ఐదు నామాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మనాథస్వామి మీద నిమిషం లోపు వీడియో చేయాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ రాశాం. అందులో విష్ణు సహస్రనామం నుంచి కొన్ని నామాలు, వాటి అర్థాలు పెట్టాలన్నది ఉద్దేశం. వెయ్యి నామాల్లోంచి ఐదింటిని ఏరడం దగ్గర మొదలై తెర మీద అక్షరం సరిగ్గా పడేదాకా వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి.

సహస్రనామంలో "కూర్మ" అనే నామం ఏ సంఖ్య దగ్గర ఉంది?

ఎక్కడా లేదు. నారసింహవపుః (21), వామనః (152), మహావరాహః (538) అని కొన్ని అవతారాలకు నేరుగా పేర్లున్నాయి. కూర్మావతారానికి అలాంటి పేరు లేదు. అందుకే చాలామంది "ఓం కూర్మాయ నమః" అని తామే ఒకటి చేర్చి, కింద "విష్ణు సహస్రనామం నుంచి" అని రాసేస్తుంటారు. అలా రాయకండి. పారాయణ చేసేవాళ్లు వెంటనే పట్టుకుంటారు, మిగతా నాలుగు నామాల మీద కూడా నమ్మకం పోతుంది.

"ఓం శ్రీకూర్మనాథాయ నమః" అని వీడియో మొదట్లోనో చివర్లోనో విడిగా నమస్కారం పెట్టుకోవచ్చు, అందులో తప్పు లేదు. అది సహస్రనామంలోది కాదని చూసేవాళ్లకు తెలిసేలా ఉంటే చాలు. ఐదు నామాలకు 1 నుంచి 5 వరుస అంకెలు కాకుండా సహస్రనామంలోని సంఖ్యలే వేసి, ఈ నమస్కారానికి ఏ సంఖ్యా వేయకపోతే తేడా దానంతటదే తెలుస్తుంది.

పేరే లేనప్పుడు ఏ ఆధారంతో ఏరాలి?

అవతారం పేరుతో కాదు, ఆ అవతారం చేసిన పనితో వెతకాలి. క్షీరసాగర మథనంలో మందరగిరి మునిగిపోతుంటే స్వామి తాబేలై దాన్ని వీపు మీద నిలబెట్టాడు. ఈ కథలో మనం వెతకాల్సినవి నాలుగే: సముద్రం, కొండ, మోయడం, అమృతం. సంఖ్యలు వేసిన నామావళి పుస్తకం ఒకటి, అర్థాలతో ఉన్న పుస్తకం ఒకటి పక్కపక్కన పెట్టుకుని, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తగిలిన ప్రతి నామానికీ పెన్సిలుతో గీత పెట్టుకుంటూ వెళ్లండి. మొదటి విడతలో పదిహేనో ఇరవయ్యో తేలతాయి.

రెండో విడత వడపోత. అసలు కష్టం ఇక్కడే, ఎందుకంటే పైకి సరిపోయినట్టు కనిపించే నామాలు అర్థంలో వేరే చోటికి పోతాయి. ధరణీధరః (235), ధరాధరః (756), మహీభర్తా (182) మూడూ "మోయడం" కింద గీత పడేవే. కానీ వీటిలో మోస్తున్నది భూమిని, కొండను కాదు. మహీభర్తా అన్నచోట శంకరాచార్యులు నీట మునిగిన భూమిని ఎత్తిన సందర్భం చెప్పారు, అది వరాహస్వామి కథ. ధరాధరః అన్నచోట ఆదిశేషుడు మొదలైన అంశలతో భూమిని మోసేవాడని చెప్పారు. ఇవి కూర్మం వీడియోలో పెడితే తెలిసినవాళ్లకు కథ కలిసిపోయినట్టు అనిపిస్తుంది.

అమృతః (119) ఇంకో ఉచ్చు. పేరు చూడగానే అమృతకలశం గుర్తొస్తుంది. అక్కడ అర్థం మాత్రం మరణం లేనివాడు అని. మథనంలో పుట్టిన అమృతానికీ ఆ నామానికీ సంబంధం కలపకూడదు.

చివరికి ఏ ఐదు నిలుస్తాయి? అర్థాలేమిటి?

మా ఎంపిక ఇది. మొదటిది మహాద్రిధృక్ (180), అంటే పెద్ద కొండను ధరించినవాడు. అమృత మథనంలో మందరాన్ని, గోవుల్ని కాపాడడానికి గోవర్ధనాన్ని ధరించినవాడని శంకర భాష్యం రెండు కొండలనూ చెబుతుంది. మన వీడియోకి మందరం ఒక్కటే చాలు. ఈ నామం లేకుండా మిగతా నాలుగూ కూర్మస్వామి కథగా నిలబడవు.

రెండోది అపాంనిధిః (323), నీళ్లన్నిటికీ నిలయం, అంటే సముద్రం. సరస్సుల్లో సాగరాన్ని నేనే అని గీత పదో అధ్యాయంలో స్వామి అన్నమాటకు శంకరులు దీన్ని ముడిపెట్టారు. మూడోది అధిష్ఠానం (324), ఆధారం. సర్వభూతాలూ దేని మీద నిలిచి ఉన్నాయో ఆ ఆధారం అని శంకర భాష్యం. శ్రీవైష్ణవ ఆచార్యులైన పరాశర భట్టర్ వ్యాఖ్య దీన్ని మందరగిరికి పీటగా నిలిచిన కూర్మంగానే చదువుతుంది. నాలుగోది అప్రమత్తః (325), ఏమరుపాటు లేనివాడు. మనం వెతికిన నాలుగింటిలో ఇది లేకపోయినా, భట్టర్ కూర్మావతారంగా చదివిన వరుసలోదే కాబట్టి తీసుకున్నాం. ఐదోది అమృతపః (504). ఆత్మానందమనే అమృతాన్ని ఆస్వాదించేవాడు అని ఒక అర్థం. అసురులు ఎత్తుకుపోతున్న అమృతాన్ని కాపాడి, దేవతల చేత తాగించి తానూ తాగినవాడు అని శంకరులే చెప్పిన రెండో అర్థం. ఇక్కడ మనకు రెండోదే కావాలి.

ఈ ఐదింటినీ సంఖ్యల వరుసలో పెడితే కథ కూడా వరుసగానే నడుస్తుంది: కొండ, సముద్రం, ఆధారం, అప్రమత్తత, అమృతం. సహస్రనామంలో ముందున్నది ముందు, వెనకున్నది వెనక వచ్చేలా ఉంచడమే మర్యాద అని మా అభిప్రాయం. కథ కోసం నామాలను అటూ ఇటూ మార్చాల్సిన అవసరం ఈ ఎంపికలో రాదు. అమృతాంశూద్భవః (283) అనే అందమైన నామాన్ని వదులుకున్నది కూడా ఇందుకే. పాలసముద్రాన్ని చిలికినప్పుడు చంద్రుడు ఎవరివల్ల పుట్టాడో ఆయన అని దాని అర్థం. సంఖ్య ప్రకారం పెడితే సముద్రం రాకముందే చంద్రుడు వచ్చేస్తాడు.

ఐదే ఎందుకు? పదకొండు పెట్టకూడదా?

కొలిచి చూడండి. "ఓం అధిష్ఠానాయ నమః" అని తొందరపడకుండా పలకడానికి మూడు సెకన్లు పడుతుంది. ఎనిమిది పది మాటల తెలుగు అర్థం చదవడానికి ఐదు సెకన్లు. ఊపిరికి, తెర మారడానికి ఒక సెకను. అంటే నామానికి తొమ్మిది సెకన్లు, ఐదు నామాలకు నలభై అయిదు. ముందూ వెనకా అయిదేసి సెకన్లు కలిపితే యాభై అయిదు. ఆరో నామం పెట్టగానే నిమిషం దాటుతుంది. పదకొండు పెట్టాలంటే అర్థాలు తీసేయాలి, లేదా నామాలను పరుగెత్తించాలి. అర్థాలు వద్దనుకుంటే పదకొండు హాయిగా పడతాయి, అప్పుడది వేరే రకం వీడియో.

శంకర భాష్యం అర్థం, భట్టర్ అర్థం వేరుగా ఉంటే ఏది పెట్టాలి?

రెండూ ప్రమాణాలే. అద్వైత దృష్టితో రాసిన శంకర భాష్యం ఎక్కువచోట్ల నామాన్ని పరబ్రహ్మపరంగా చెబుతుంది. శ్రీవైష్ణవ సంప్రదాయంలోని పరాశర భట్టర్ రాసిన భగవద్గుణదర్పణం భగవంతుడి గుణాలు, అవతారాల వైపు నడిపిస్తుంది. అపాంనిధిః దగ్గర నుంచి వచ్చే వరుసను కూర్మావతారంగా చదివేది ఈ రెండో వ్యాఖ్యే. కాబట్టి 323, 324, 325 నామాలకు భట్టర్ అర్థం తీసుకోవడం శ్రీకూర్మం వీడియోకి సహజం.

ఒకే నామానికి ఇద్దరి అర్థాలనూ కలిపి ఒక వాక్యం చేయడం మాత్రం వద్దు. "సర్వభూతాలకు ఉపాదాన కారణమై మందరాన్ని మోసినవాడు" అని రాస్తే అది ఏ వ్యాఖ్యలోనూ లేని అర్థం అవుతుంది. ఒక నామానికి ఒక అర్థం, ఏ వ్యాఖ్య ప్రకారమో వీడియో కింది వివరణలో ఒక ముక్క. అంతే చాలు.

శ్లోకంలోంచి నామాన్ని కత్తిరించేటప్పుడు ఏం జాగ్రత్త?

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మన మూడు నామాలున్న శ్లోకపు వరుస ఇలా ఉంటుంది: "అపాంనిధిరధిష్ఠానమప్రమత్తః ప్రతిష్ఠితః". సంధి తెలియకుండా కోస్తే "రధిష్ఠానం" అనీ, "మప్రమత్తః" అనీ తెర మీద పడతాయి. అక్కడి ర-కారం అపాంనిధిః చివరి విసర్గ మారినది, మ-కారం అధిష్ఠానం చివరి సున్నా మారినది. రెండూ ముందు నామానికి చెందినవే. విడదీస్తే అపాంనిధిః, అధిష్ఠానం, అప్రమత్తః, ప్రతిష్ఠితః.

అమృతపః దగ్గర ప్రమాదం ఇంకా పెద్దది. శ్లోకంలో అది "సోమపోఽమృతపః సోమః" అని వస్తుంది. మధ్యలో ఉన్న ఽ గుర్తును అవగ్రహం అంటారు, అక్కడ ఒక అ-కారం లోపించిందని చెప్పడానికి. ఆ గుర్తును అక్షరం కాదనుకుని వదిలేస్తే మిగిలేది "మృతపః". అమృతం కాస్తా మృతం అయిపోతుంది, స్వామి పేరు పక్కన ఉండకూడని మాట పడుతుంది. కొన్ని చోట్ల అవగ్రహం బదులు ఇంగ్లీషు ఎస్ అక్షరం కొట్టి ఉంటుంది. దాన్ని కాపీ చేసుకుంటే వీడియోలో ఆ ఇంగ్లీషు అక్షరం అలాగే వచ్చేస్తుంది.

ఈ బాధ లేకుండా ఉండాలంటే నామాన్ని శ్లోకంలోంచి కత్తిరించకుండా నామావళిలోంచే తీసుకోండి. శ్లోకాన్ని సరిచూసుకోవడానికి మాత్రం వాడండి. శ్లోకంలో కనిపించే రూపానికీ నామావళి రూపానికీ మొదటి అక్షరం తేడా వస్తే ఆగి చూడాలి. అచ్చుతో మొదలయ్యే నామాలకే ఈ ఇబ్బంది ఎక్కువ, మన ఐదింటిలో నాలుగు అ-కారంతోనే మొదలవుతాయి.

"అధిష్ఠానం" అని పెట్టాలా, "అధిష్ఠానాయ నమః" అని పెట్టాలా?

తెర మీద నామం ప్రథమా విభక్తిలో (అధిష్ఠానం), గొంతులో నమస్కారం చతుర్థిలో (ఓం అధిష్ఠానాయ నమః) ఉండడం బాగుంటుంది. అర్థం నామానికి కదా, దానికి ఎదురుగా అసలు రూపమే కనబడాలి. రెండూ కలిపి "ఓం అధిష్ఠానం నమః" అంటే వ్యాకరణం చెడుతుంది.

మన ఐదింటికీ చతుర్థి రూపాలు: మహాద్రిధృతే, అపాంనిధయే, అధిష్ఠానాయ, అప్రమత్తాయ, అమృతపాయ. అన్నిటికీ "ఆయ" తగిలించడం అలవాటైనవాళ్లు "అపాంనిధాయ" అనేస్తారు. ఇ-కారంతో ముగిసే నామానికి "అయే" వస్తుంది, "హరయే" అన్నట్టు. మొదటి నామానికి మహాద్రిధృత్ అనే పాఠం కూడా ఉంది, "మహాద్రిధృతే" అన్నది దానికి సరిపోయే రూపం. మీ గుడి అర్చకస్వామి ఏ పాఠం చెబితే తెర మీద అదే వేయండి.

మా పుస్తకంలో సంఖ్యలు ఒకటి అర తేడాగా ఉన్నాయి. ఏది సరి?

రెండు మాటలను ఒక నామంగా కలిపి లెక్కపెట్టాలా, విడిగానా అన్నచోట వ్యాఖ్యానాలు తేడాపడతాయి, అందుకే సంఖ్య జరుగుతుంది. ఇక్కడ వాడినవి శంకర భాష్యాన్ని అనుసరించే ప్రతుల్లోని సంఖ్యలు. వీడియో అంతటికీ ఒకే పుస్తకం సంఖ్యలు వాడితే సరిపోతుంది. సంఖ్య వేయడం వల్ల ఇంకో మేలుంది. సహస్రనామంలో కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రాణః అనేది 66, 320, 407 మూడు చోట్లా ఉంది, భాష్యం ఒక్కోచోట ఒక్కో అర్థం చెబుతుంది. సంఖ్య లేకపోతే ఏ చోటి అర్థం రాశారో చూసేవాళ్లకు తెలియదు.

అర్థాన్ని ఎన్ని మాటల్లో, ఎలా రాయాలి?

ఎనిమిది పది మాటలకు మించకుండా, రెండు వరుసలు దాటకుండా. సంస్కృత నామానికి సంస్కృత సమాసమే అర్థంగా రాస్తే లాభం లేదు. "అధిష్ఠానం: సర్వాధారభూతుడు" అంటే చదివినవాడికి కొత్తగా ఏమీ అందదు. పైగా ఇవాళ్టి తెలుగులో అధిష్ఠానం అనగానే పార్టీ పెద్దలు గుర్తొస్తారు, కాబట్టి ఈ నామానికి అర్థం మరీ తేటగా ఉండాలి. మేం రాసుకున్నవి ఇవి:

మహాద్రిధృక్: మునిగిపోతున్న మందర పర్వతాన్ని తన వీపు మీద నిలబెట్టినవాడు.
అపాంనిధిః: చిలుకుతున్న సముద్రపు నీళ్లకు తానే ఆధారంగా నిలిచినవాడు.
అధిష్ఠానం: ఎంత తిప్పినా కొండ ఒరిగిపోకుండా కింద పీటగా నిలిచినవాడు.
అప్రమత్తః: తనను నమ్ముకున్నవాళ్లను కాపాడడంలో ఒక్క క్షణం ఏమరనివాడు.
అమృతపః: పుట్టిన అమృతాన్ని కాపాడి దేవతలకు అందించి తానూ స్వీకరించినవాడు.

అర్థాలన్నీ "వాడు" అనే ముగుస్తున్నాయి, స్తోత్రానికి అది సహజమే. గౌరవం కోసం "వారు" అని మార్చితే ఒక్కచోట కూడా వదలకుండా మార్చాలి.

తెర మీద అక్షరాలు విడిపోతున్నాయి. ఏం చేయాలి?

ఫోన్లలో వీడియో కూర్చే కొన్ని యాప్‌లు తెలుగు ఒత్తులను సరిగా కలపవు. "ష్ఠ" కాస్తా "ష్", "ఠ" అని రెండు ముక్కలుగా పడుతుంది, "ద్రి"లో క్రారవడి పక్కకు జరుగుతుంది. పరీక్షకు మన ఐదు నామాల్లో "అధిష్ఠానం", "మహాద్రిధృక్" ముందు కొట్టి చూడండి. ఈ రెండూ సరిగా పడితే మిగతావి కూడా పడతాయి. పడకపోతే ముందు ఫాంటు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే కంప్యూటర్లో నామాలను బొమ్మలుగా తయారు చేసుకుని, వెనక రంగు లేకుండా PNG ఫైళ్లుగా యాప్‌లోకి తెచ్చుకోవడం ఖాయమైన దారి.

అక్షరదోషాలు చూసుకోవాల్సిన చోట్లు కూడా ఇవే. "అధిష్టానం" అని ట-వత్తుతో రాయడం పత్రికల వల్ల అలవాటైంది, నామంలో ఠ-వత్తే ఉండాలి. "ధ్రుక్" కాదు, "ధృక్". నిలువు వీడియో 1080×1920 కొలతలో చేస్తే నామాన్ని తెర మధ్యకు కాస్త పైన పెట్టండి. కింది పావు వంతు మీద శీర్షిక, కుడి అంచున గుర్తులు వచ్చి పడతాయి. అర్థం రెండో వరుస వాటి కింద దాక్కుంటే ఎవరూ చదవలేరు.

పలకడం, ధ్వని విషయంలో?

ఒత్తక్షరాలు మన వాడుక మాటలో తేలిపోతాయి. "అదిస్టానాయ" అని రికార్డు అయిపోతే తర్వాత సరిచేయలేరు, ధ-కారం, ఠ-కారం వినబడేదాకా మళ్లీ చెప్పించండి. "అమృతపాయ"లో ప తర్వాత దీర్ఘం ఉంటుంది, అమృత తర్వాత ఆగకూడదు. అమృత, పాయ అని రెండు ముక్కలైతే చివరి ముక్క మన భాషలో చీలిక అన్న అర్థంలోకి పోతుంది.

స్తోత్రం అందరిదీ, కానీ ఒక గాయకులు పాడిన రికార్డింగు వాళ్లదీ కంపెనీదీ. దాన్ని కోసి పెడితే వీడియో ధ్వని ఆగిపోవచ్చు. ఊళ్లో పారాయణ చేసే ఒకరి గొంతుతో, ఫ్యాను ఆపిన గదిలో, ఫోన్ను నోటికి జానెడు దూరంలో పెట్టి రికార్డు చేస్తే సరిపోతుంది.

శ్రీకూర్మంలో ఏ దృశ్యాలు తీసుకోవచ్చు?

గర్భాలయంలో కెమెరా వద్దు. బయట ఎక్కడెక్కడ తీయవచ్చో దేవస్థానం కార్యాలయంలో ముందే అడగండి. ఈ క్షేత్రంలో స్వామి పడమర ముఖంగా ఉంటారు, రెండు ధ్వజస్తంభాలున్నాయి. శాసనాలు చెక్కిన మండపస్తంభాలు, శ్వేతపుష్కరిణి ఉన్నాయి. అపాంనిధిః దగ్గర పుష్కరిణి నీళ్లు, అధిష్ఠానం దగ్గర స్తంభం మొదలు చూపిస్తే అర్థానికి దృశ్యం తోడవుతుంది. గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్లను దూరం నుంచే తీయండి. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, షాటు కోసం చేతిలోకి తీసుకోవడం, తిప్పి పెట్టడం చేయకూడదు.

ఇదే పద్ధతిలో అరసవల్లి రథసప్తమికి చేయవచ్చా?

చేయవచ్చు, పైగా అక్కడ వెతుకులాట తక్కువ. విష్ణు సహస్రనామం 94వ శ్లోకంలో సూర్యనామాలు ఒకేచోట ఉన్నాయి: "రవిర్విరోచనః సూర్యః సవితా రవిలోచనః" (881 నుంచి 885). రవిః అంటే రసాలను గ్రహించేవాడు, విరోచనః అనేక విధాల ప్రకాశించేవాడు, సూర్యః సమస్తాన్నీ పుట్టించేవాడు, సవితా జగత్తును కన్నవాడు, రవిలోచనః సూర్యుడే కన్నుగా ఉన్నవాడు. ఈ ఐదూ వరుసగా ఉన్నాయి కాబట్టి ఆ శ్లోకపు వరుసను మొదట ఒకసారి పాడించి, తర్వాత విడివిడిగా అర్థాలు చెప్పవచ్చు. చతుర్థిలో రవయే, విరోచనాయ, సూర్యాయ, సవిత్రే, రవిలోచనాయ. "సవితాయ" అనకూడదు. ఇవి విష్ణువును సూర్యరూపంగా కొలిచే నామాలని వివరణలో ఒక వాక్యం రాయండి. నేరుగా సూర్యుడి నామాలే కావాలంటే యుద్ధకాండలోని ఆదిత్యహృదయం నుంచి ఏరుకోవాలి.